జ్వరం, ఎండ, ఒంట్లో నీళ్లు తగ్గడం: పల్స్ ఎంత పెరిగితే మామూలు, ఎప్పుడు కాదు?

జ్వరంతో పడుకున్న మనిషి వేలికి ఆక్సీమీటర్ పెడితే 116 అని కనిపిస్తుంది. పల్స్ 100 దాటకూడదని అందరూ వినే ఉంటారు కాబట్టి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అయితే 60 నుంచి 100 అనే ఆ లెక్క జ్వరం లేకుండా, సరిపడా నీళ్లు తాగి, నీడపట్టున తీరికగా కూర్చున్న పెద్దవాళ్లది. జ్వరం వస్తే గుండె వేగం పెరగాలి. నీళ్లు తగ్గినా, ఎండ తగిలినా పెరగాలి. అందుకే అడగాల్సింది 116 ఎక్కువా కాదా అని కాదు. ఆ 116లో ఎంతకు కారణం తెలుస్తోంది, ఆ కారణాన్ని తగ్గించినప్పుడు పల్స్ కూడా తగ్గుతోందా అన్నవే అసలు ప్రశ్నలు. ఈ రెండింటికీ ఇంట్లోనే జవాబు వెతకడం ఎలాగో చూద్దాం. ఇక్కడి అంకెలన్నీ పెద్దవాళ్లకే. పిల్లల పల్స్ మామూలుగానే ఎక్కువ, ఏడాది బిడ్డకు 130 ఉన్నా వింత కాదు. కాబట్టి ఈ లెక్కలు పిల్లలకు వాడకండి.

మొదటి మెట్టు: అంకె నిజమేనా?

ఆక్సీమీటర్ మీద రెండు అంకెలు ఉంటాయి. SpO2 అన్నది ఆక్సిజన్, PR లేదా PRbpm అన్నది పల్స్. కంగారులో ఒకదాన్ని ఇంకొకటిగా చదివేవాళ్లు చాలామంది ఉంటారు.

బాత్రూమ్‌కి వెళ్లివచ్చిన వెంటనే, మెట్లెక్కిన వెంటనే, వేడి వేడి టీ తాగిన వెంటనే చూడకండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి, మాట్లాడనివ్వకుండా ఉంచి అప్పుడు చూడండి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు లేదా గోరింటాకు ఉన్నా, చెయ్యి వణుకుతున్నా మిషన్ తప్పు చూపించొచ్చు. స్మార్ట్‌వాచ్ కూడా కదిలే చేతి మీద తడబడుతుంది.

అనుమానం వస్తే చేత్తో చూసేయండి. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయండి. దెబ్బలు ఒకే లయలో పడకపోతే మాత్రం పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ఈ లయను గమనించడం వేళ్లతోనే బాగా కుదురుతుంది, అందుకే మిషన్ ఉన్నా ఒకసారి చేత్తో చూడమంటాను.

చలితో వణికిపోతున్నప్పటి రీడింగ్‌తో లెక్కలు వేయకండి. అప్పుడు జ్వరం ఇంకా ఎక్కుతూ ఉంటుంది. థర్మామీటర్ 100 చూపిస్తున్నా శరీరం అంతకంటే పైకి వెళ్లే పనిలో ఉంటుంది, వణికే కండరాలు కూడా గుండెకు పని పెంచుతాయి. వణుకు ఆగాక అరగంట ఆగి జ్వరం, పల్స్ రెండూ చూడండి.

రెండో మెట్టు: మీ మామూలు పల్స్ ఎంత?

మిగతా లెక్కంతా దీని మీదే నిలబడుతుంది. రోజూ పరిగెత్తే కుర్రాడికి 54 ఉండొచ్చు. రక్తం తక్కువగా ఉన్న ఆవిడకు ఒంట్లో బాగున్న రోజునే 92 ఉండొచ్చు. గర్భిణులకు మామూలు కంటే 10 నుంచి 20 దాకా ఎక్కువగా ఉంటుంది. జ్వరంలో ఇద్దరికీ 104 కనిపిస్తే, ఆవిడకు 12 పెరిగినట్టు, కుర్రాడికి 50 పెరిగినట్టు. అంకె ఒకటే అయినా అర్థం ఒకటి కాదు.

బాగున్న రోజున, పొద్దున లేవగానే మంచం మీదే ఇంట్లో అందరి పల్స్ చూసి ఒకచోట రాసిపెట్టుకోండి. రాసుకోకపోతే పాత హెల్త్ చెకప్ కాగితంలో వెతకండి. అదీ లేకపోతే 75 అనుకుని మొదలుపెట్టండి.

మూడో మెట్టు: జ్వరం వాటా తీసేయండి

గుండెకు ప్రతి దెబ్బకూ సంకేతం పంపే చిన్న కణాల ముద్ద ఒకటి కుడి పై గదిలో ఉంటుంది. రక్తం వేడెక్కితే ఆ ముద్ద తనంతట తానే వేగంగా సంకేతాలు పంపుతుంది. దానికి తోడు వేడెక్కిన శరీరం ఆక్సిజన్ ఎక్కువ ఖర్చు చేస్తుంది. అందుకే జ్వరం, పల్స్ జంటగా ఎక్కి జంటగా దిగుతాయి.

ఎంత ఎక్కుతాయన్నది మనిషిని బట్టి మారుతుంది. ఫారెన్‌హీట్ థర్మామీటర్‌లో ఒక డిగ్రీకి సుమారు 5 దెబ్బలు పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. కొన్ని పాఠ్యపుస్తకాలు డిగ్రీకి 10 దాకా చెబుతాయి. కాబట్టి 5ను కింది అంచు, 10ని పై అంచు అనుకుని లెక్క వేద్దాం. 98.6 మీద ఎన్ని డిగ్రీలు ఎక్కువో చూసి 5తో, 10తో గుణించి మామూలు పల్స్‌కి కలపండి. పల్స్ ఆ రెండు అంకెల మధ్య ఉంటే జ్వరం ఒక్కటే దానికి సరిపోతుంది. చంకలో పెట్టి చూస్తే నోట్లో కంటే అర నుంచి ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి.

నాలుగో మెట్టు: నీళ్ల వాటా చూడండి

ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తనాళాల్లో తిరిగే రక్తమూ తగ్గుతుంది. ఒక్కో దెబ్బకు గుండె నెట్టగలిగే రక్తం తక్కువైపోతే, అదే పనిని ఎక్కువ దెబ్బలతో పూర్తి చేస్తుంది. నిలబడితే రక్తం కాళ్లలోకి జారుతుంది కాబట్టి ఈ లోటు అప్పుడు ఇంకా బయటపడుతుంది. దీన్ని పరీక్షించడం తేలిక.

ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి పల్స్ చూడండి. తర్వాత లేపి, పక్కనే ఒకరు పట్టుకుని ఉండగా నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా 10 నుంచి 20 పెరుగుతుంది. 30 లేదా ఆపైన పెరిగినా, కళ్లు తిరిగి నిలబడలేకపోయినా నీళ్లు, అంటే రక్తం పరిమాణం, బాగా తగ్గినట్టు అనుకోవాలి. బీపీ మిషన్ ఉంటే అదీ చూడండి, నిలబడ్డాక పై అంకె 20 పడిపోతే అదీ ఇదే మాట చెబుతుంది. పడుకున్నప్పుడే తల తిరుగుతుంటే ఈ పరీక్ష చేయకండి. టీనేజీ పిల్లల్లో నిలబడితే 30 దాటడం మామూలుగానూ ఉండొచ్చు, వాళ్ల విషయంలో దీన్ని ఒక్కదాన్నే నమ్మలేం.

పరీక్షకు తోడుగా మూత్రం చూడండి. ముదురు పసుపు రంగు, ఆరేడు గంటలుగా బాత్రూమ్‌కి వెళ్లకపోవడం, నాలుక ఎండిపోవడం, ఇవి నిలబడి చూసిన అంకెకు బలం ఇస్తాయి.

నీళ్లు నింపడానికి విరేచనాలు, వాంతులు, బాగా చెమట ఉన్నచోట ఓఆర్ఎస్ పొడే మేలు. ప్యాకెట్ మీద ఒక లీటరు అని ఉంటే సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసుకు కొంచెం చొప్పున వేసుకోకూడదు. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి కూడా పనికొస్తాయి. ఉత్త మంచినీళ్లే లీటర్ల కొద్దీ తాగిస్తే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. షాపుల్లో అమ్మే తియ్యటి డబ్బా డ్రింకులు వేరు, ఓఆర్ఎస్ వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఇదే చెబుతూ వచ్చారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా అలాంటి డ్రింకుల లేబుళ్ల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఎన్ని నీళ్లు పట్టించాలో వాళ్ల డాక్టర్‌నే అడగాలి.

ఐదో మెట్టు: గది వేడిని లెక్కలోకి తీసుకోండి

హాయిగా ఉన్నప్పుడు నిమిషానికి అర లీటరు లోపు రక్తమే చర్మానికి వెళ్తుంది. తీవ్రమైన వేడిలో అది 6 నుంచి 8 లీటర్ల దాకా పెరగగలదు. విశ్రాంతిలో గుండె మొత్తం పంపేదే నిమిషానికి సుమారు 5 లీటర్లు. వేడిని బయటికి పంపడానికి గుండె ఎంత అదనంగా పనిచేయాలో దీన్నిబట్టి తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో పడుకున్న మనిషికి, జ్వరం లేకపోయినా పల్స్ పెరగడానికి ఇదే కారణం.

ఈ వాటాకు కచ్చితమైన గుణకారం లేదు. ఉన్న మార్గం ఒక్కటే: మనిషిని చల్లని చోటికి మార్చి, 20 నిమిషాలాగి మళ్లీ చూడటం. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి ఫ్యాన్ వేయండి. గదిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటిన పొడి వేడి ఉన్నప్పుడు ఒళ్లు తడపకుండా ఉత్త ఫ్యాన్ వేస్తే వేడిగాలే ఒంటికి కొడుతుంది, మేలు జరగదు.

ఎండలో పని చేసేవాళ్లకు విశ్రాంతి లెక్కలు పనికిరావు. వాళ్లకు అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ చెప్పే కొలత ఒకటి ఉంది. 180లోంచి వయసు తీసేయాలి. 40 ఏళ్ల మనిషికి 140. పల్స్ కొన్ని నిమిషాల పాటు దాని పైనే ఉన్నా, బరువు పని ఆపి కూర్చున్న ఒక నిమిషానికి కూడా 120 దాటి ఉన్నా పని ఆపేయాలి. ఇది గుండె జబ్బు లేనివాళ్లకే. వేసవి మొదట్లో పనికి దిగినవాళ్లకు శరీరం ఎండకు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అదే పనికి మొదటి రోజుల్లో పల్స్ ఎక్కువ కొట్టడం సహజం.

ఒక మనిషిని తీసుకుని లెక్క వేద్దాం

విజయవాడలో 45 ఏళ్ల ఆటో డ్రైవర్ అనుకోండి. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు, రేకుల ఇల్లు. రాత్రి నుంచి జ్వరం, పొద్దున రెండుసార్లు విరేచనాలు. లేచినప్పటి నుంచి తాగింది అర లీటరే. మూత్రం పొద్దున ఒక్కసారి, అదీ ముదురు పసుపు. మామూలు పల్స్ 74. నోట్లో థర్మామీటర్ పెడితే 102, పడుకుని చూస్తే పల్స్ 116.

జ్వరం 98.6 మీద 3.4 డిగ్రీలు ఎక్కువ. 5తో గుణిస్తే 17, 10తో గుణిస్తే 34. అంటే జ్వరం వల్ల 91 నుంచి 108 దాకా రావచ్చు. ఇంకా కనీసం 8 దెబ్బలు, ఎక్కువనుకుంటే 25 దెబ్బలు మిగిలాయి. నిలబెట్టి చూస్తే ఒక నిమిషానికి 140, కాస్త తల తిరిగింది. 24 పెరిగింది, 30కి చేరలేదు. కానీ మూత్రం రంగు, తాగిన నీళ్లు చూస్తే లోటు ఉందని తెలుస్తూనే ఉంది. పైగా గది వేడి. మిగిలిన దెబ్బలకు రెండు కారణాలు దొరికాయి. తెలివిగా మాట్లాడుతున్నాడు, ఆయాసం లేదు, బీపీ 112/74, లయ సమంగా ఉంది. అందుకని కారణాలను తీసేసి చూడటానికి వ్యవధి ఉంది.

పక్కింటి శ్లాబు ఇంట్లో చల్లగా ఉన్న గదికి మార్చారు. పారాసెటమాల్ 650 ఒకటి వేశారు. లీటరు ఓఆర్ఎస్ గుక్కలు గుక్కలుగా రెండు గంటల్లో తాగించారు, తడిగుడ్డతో తుడిచారు. ఐదున్నరకు జ్వరం 100.2, పల్స్ 94, నిలబడితే 108, మూత్రం లేత రంగులో వచ్చింది. ఇప్పుడు 1.6 డిగ్రీలే ఎక్కువ, జ్వరం లెక్కకు 82 నుంచి 90 రావాలి. 94 దానికి దగ్గరే, మిగిలిన కొంచెం ఇంకా పూడని నీళ్లది. ఇది ఊహించిన పల్స్. రాత్రికి జ్వరం మళ్లీ ఎక్కితే పల్స్ కూడా ఎక్కుతుంది, దానికి భయపడనక్కర్లేదు.

ఆరో మెట్టు: గంటన్నర, రెండు గంటల తర్వాత రెండో కొలత

ఒక్క కొలత మీద ఎంత ఆలోచించినా అనుమానం తీరదు. రెండోది తీరుస్తుంది. జ్వరం, నీళ్లు, వేడి వల్ల పెరిగిన పల్స్ వాటితోపాటే మెల్లగా దిగుతుంది. పది నిమిషాలకొకసారి చూస్తూ కూర్చోకండి, ఆ భయానికే ఐదారు పెరుగుతుంది. జ్వరం, పడుకున్న పల్స్, నిలబడిన పల్స్, టైమ్ రాసి, రెండు గంటలకు మళ్లీ అవే రాయండి.

అలా పక్కపక్కన రాసినప్పుడు కొన్ని తేడాలు తెలుస్తాయి.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: జ్వరం దిగింది, పల్స్ దిగలేదు. అదే డ్రైవర్‌కి వానాకాలంలో జ్వరం వచ్చి, నాలుగో రోజున 99కి తగ్గింది అనుకోండి. ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ పల్స్ 112 ఉంది, కడుపులో నొప్పి, రెండు వాంతులు. 0.4 డిగ్రీకి రెండు నుంచి నాలుగు దెబ్బలే లెక్కకు వస్తాయి, అంటే 78. మిగతా 34కి జవాబు లేదు. డెంగీలో ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. జబ్బు మొదలైన మూడు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గే సమయంలో, రక్తంలోని ద్రవం నాళాల గోడల్లోంచి బయటికి కారిపోతుంది. బీపీలో పై అంకె, కింది అంకె దగ్గరకు వచ్చేస్తాయి. 100/82 చూసి వందకు పైనే ఉందిలే అనుకోకండి, ఆ రెండింటి మధ్య తేడా 20 లేదా అంతకంటే తక్కువైతే అది షాక్‌కి, అంటే రక్త ప్రసరణ కుప్పకూలుతోందనడానికి, గుర్తు. మనవాళ్లు డెంగీ అనగానే ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే పట్టించుకుంటారు, బొప్పాయి ఆకుల కోసం తిరుగుతారు. ఆ సమయంలో చూడాల్సింది పల్స్, బీపీలోని ఆ తేడా, మూత్రం, రక్త పరీక్షలో పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా, పెరుగుతోందా అన్నవి. ఇలాంటి పల్స్ కనిపిస్తే ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి. డెంగీ అనుమానం ఉన్నంతకాలం జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోకండి.

రెండోది, పల్స్ అసలు కదలకుండా ఒకే అంకె దగ్గర నిలిచిపోవడం. పడుకున్నా, నిలబడ్డా, నీళ్లు తాగినా 168 దగ్గరే ఉంది, అదీ ఉన్నట్టుండి స్విచ్ వేసినట్టు మొదలైంది. ఇది జ్వరం లెక్క కాదు, గుండెలోని కరెంటు దారి తప్పినప్పుడు ఇలా అవుతుంది. విశ్రాంతిలో 150 దాటితే జ్వరం ఉన్నా దాన్ని అనుమానించాలి. దెబ్బలు ఏ లయా లేకుండా అడ్డదిడ్డంగా పడుతున్నా అంతే, ఈసీజీ తీయించాలి. ఛాతీలో నొప్పి లేదా ఆయాసంతో పాటు, జ్వరానికి మించి పల్స్ ఉంటే గుండె కండరానికే ఇన్ఫెక్షన్ వాపు వచ్చి ఉండొచ్చు.

మూడోది, దీనికి తిరగబడ్డది. జ్వరం 103, పల్స్ 80. టైఫాయిడ్‌లో, కొన్నిసార్లు డెంగీలో జ్వరానికి తగ్గట్టు పల్స్ పెరగదు. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవాళ్లలో కూడా పెరగదు, వృద్ధుల్లో కూడా తక్కువే పెరగొచ్చు. వీళ్లకు 90 చూసి నిశ్చింతగా ఉండకూడదు. నిలబెట్టే పరీక్షలో పల్స్ పెరగకపోయినా నీళ్లు తగ్గి ఉండొచ్చు, బీపీనే నమ్మాలి.

జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్, ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, నొప్పి, ఇవి కూడా మిగిలిపోయిన దెబ్బలకు కారణం కావచ్చు. లెక్క కలవనప్పుడు వీటిని కూడా అడగండి.

లెక్కలు పక్కన పెట్టి బయలుదేరాల్సినప్పుడు

ఎండ దెబ్బ తగిలిన మనిషి తడబడుతూ మాట్లాడితే, పొంతన లేకుండా ప్రవర్తిస్తే, స్పృహ తప్పితే అది వడదెబ్బ. థర్మామీటర్ 104 చూపించేదాకా ఆగకండి, చెమట పడుతోంది కదా అని కూడా ఆగకండి. 108కి ఫోన్ చేసి, వచ్చేలోపే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి గాలి వేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ ఇక్కడ పనిచేయదు. ఈ వేడి ఇన్ఫెక్షన్ జ్వరం లాంటిది కాదు, బయటి వేడిని శరీరం పారదోలలేక పెరిగింది.

జ్వరం ఉన్నవాళ్లలో విశ్రాంతిగా ఉన్నా పల్స్ 130 దాటి తగ్గకపోవడం, నిమిషానికి 22కి పైగా ఊపిరి తీయడం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, బీపీ పై అంకె 100 లేదా అంతకంటే తక్కువ ఉండటం, ఎన్నిసార్లు తాగించినా వాంతి అయిపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, మతిలేనట్టు మాట్లాడటం, ఛాతీ నొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండో కొలత కోసం ఎదురు చూడకండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీరు రాసిన కాగితం పట్టుకెళ్లండి. జ్వరం ఏ రోజు మొదలైంది, మామూలు పల్స్ ఎంత, ఏ టైమ్‌కి జ్వరం ఎంత, పడుకుని ఎంత, నిలబడి ఎంత, మధ్యలో ఎన్ని నీళ్లు తాగారు, మూత్రం ఎప్పుడు వచ్చింది, రోజూ వాడే మాత్రల పేర్లు. క్యాజువాలిటీలో డాక్టర్ మొదట అడిగేవి ఇవే.